92 సెకన్ల ఇంగ్లీషు వీడియోలో తెలుగు గొంతు పట్టించడం: పిడుగుల వీడియో కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో చూపించడానికి పిడుగుల జాగ్రత్తల మీద ఒక ఇంగ్లీషు యానిమేషన్ వీడియోకు తెలుగు వాయిస్ ఓవర్ చేయాల్సి వచ్చింది. వీడియో నిడివి సరిగ్గా 92 సెకన్లు, సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 11 దృశ్యాలు. అదే వీడియోకు తెలుగును రెండో ఆడియో ట్రాక్‌గా పెట్టాలన్నది షరతు. అంటే బొమ్మను ఒక్క ఫ్రేము కూడా సాగదీయడానికి లేదు, కత్తిరించడానికి లేదు. తెర మీదున్న ఇంగ్లీషు అక్షరాలు కూడా అలాగే ఉంటాయి. మార్చగలిగేది మాట ఒక్కటే.

చేతికొచ్చినవి మూడు: ఇంగ్లీషు స్క్రిప్టు, ఇంగ్లీషు గొంతుతో ఉన్న పూర్తి వీడియో, గొంతు లేకుండా సంగీతం, ఉరుముల శబ్దాలు మాత్రమే ఉన్న ఆడియో ఫైలు. ఈ మూడోది లేకుండా పని ఒప్పుకోకూడదు. సంగీతంలో కలిసిపోయిన ఇంగ్లీషు గొంతును తర్వాత విడదీస్తే ఎక్కడో ఒక చోట ముక్క మిగిలిపోతుంది. తెలుగు వెనక ఆ గుసగుస స్పీకర్లో వినబడుతూనే ఉంటుంది.

పదాల లెక్క ఎందుకు మోసం చేసింది

ఇంగ్లీషు స్క్రిప్టులో 185 పదాలున్నాయి. 92 సెకన్లలో మాట నడిచేది 74 సెకన్లు, మిగతాది సంగీతం, ఉరుము, ఖాళీ. మొదట చేయించిన తెలుగు అనువాదం 168 పదాలొచ్చింది. పదాలు 17 తక్కువే కదా, సరిపోతుందిలే అనుకుని నేరుగా రికార్డింగుకు కూర్చుంటే, ఆపకుండా చదివినా మాటకున్న 74 సెకన్లు అయిపోయాక కూడా గొంతు ఇంకా మిగిలే ఉంది.

ఇంగ్లీషులో మూడు నాలుగు చిన్న ముక్కలుగా విడివిడిగా ఉండేవి తెలుగులో ఒకే పదంగా అతుక్కుంటాయి. ‘వెళ్లిపోవాలి’ అన్నది లెక్కకు ఒక్క పదమే, కానీ నోట్లో ఐదు అక్షరాలు. కాబట్టి వర్డ్ ఫైలు కింద కనబడే పదాల సంఖ్య తెలుగు వాయిస్ ఓవర్‌కు పనికిరాదు. దానికి తోడు ‘30’ అని అంకెల్లో రాసినది ఫైల్లో చూడ్డానికి చిన్నగానే ఉంటుంది, చదివితే ‘ముప్పై’. లెక్కకు దిగేముందు అంకెలన్నీ మాటల్లోకి మార్చి రాసుకోవాలి.

అక్షరాలు లెక్కపెట్టడం కొంత నయం, కానీ అదీ చాలదు. ‘పిడుగు’ మూడక్షరాలు, ‘మైదానం’ కూడా మూడక్షరాలే, కానీ రెండోది పలకడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. దీనికి మందు బళ్లో ఛందస్సు పాఠంలో చెప్పిందే: లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. దీర్ఘం, ఐత్వం, ఔత్వం, సున్న, పొల్లు ఉన్న అక్షరం గురువు. ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరం కూడా గురువే. మిగతావి లఘువులు. పద్యం గణాలు కట్టడానికి నేర్పిన ఈ లెక్క గొంతు సమయానికి బాగా దగ్గరగా వస్తుంది. పిడుగు 3, మైదానం 6. తేడా అక్కడే తెలిసిపోయింది.

ఒక్క జాగ్రత్త ఉంది. రాసినట్టు కాదు, పలికినట్టు లెక్కపెట్టాలి. ‘నీరు ఉన్న’ అని రాసి ఉన్నా గొంతు ‘నీరున్న’ అనే పలుకుతుంది. పక్క పదం మొదట్లో ఉన్న సంయుక్తం వల్ల ముందు పదం చివరి అక్షరాన్ని గురువు చేయనక్కర్లేదు, మామూలు మాటలో అలా సాగదు.

మొదటి అనువాదం మొత్తం ఇలా లెక్కపెడితే 797 మాత్రలు తేలింది.

గొంతు వేగం కొలవడం

మాత్రలు తెలిసినా, ఫలానా మనిషి సెకనుకు ఎన్ని మాత్రలు చదువుతారో తెలియకపోతే ఆ లెక్క ఎందుకూ కొరగాదు. ఇది మనిషి మనిషికీ మారుతుంది. అందుకని రాయడం మొదలుపెట్టక ముందే గొంతు ఇచ్చేవారిని పిలిపించి, స్క్రిప్టులోంచే ఐదు వాక్యాలు ఇచ్చి మూడుసార్లు చదివించడం జరిగింది. ఆ ఐదు వాక్యాలూ కలిపి 207 మాత్రలు. ఆడాసిటీలో పెట్టి వాక్యాల మధ్య, కామాల దగ్గర ఉన్న నిశ్శబ్దాలన్నీ కోసేస్తే మిగిలిన మాట సమయం మొదటిసారి 21.8 సెకన్లు, రెండోసారి 23.1, మూడోసారి 23.0.

మొదటి చదువును పక్కన పెట్టేయాలి. కొత్త కాగితం చేతికిస్తే ఎవరైనా గబగబా చదివేస్తారు. రెండో, మూడో చదువులు చూస్తే సెకనుకు 9 మాత్రలు. వార్తలు చదివే అలవాటున్న గొంతు దీనికంటే బాగా వేగంగా వెళ్తుంది, ‘వేగంగా చదివేయమంటే సరిపోతుంది కదా’ అని సలహా కూడా వస్తుంది. ఈ వీడియోకు అది కుదరదు. ఇది రచ్చబండ దగ్గర, బడి ఆవరణలో పెద్ద స్పీకరు మీద వినబడేది. గోడకు కొట్టుకుని తిరిగొచ్చే శబ్దంలో వేగంగా చదివిన తెలుగు ముద్దముద్దగా వినబడుతుంది. కాబట్టి 9 దగ్గరే గిరి గీయడమైంది.

ఆ లెక్కన 797 మాత్రలంటే 88.6 సెకన్లు, అదీ ఒక్క ఊపిరి కూడా పీల్చకుండా. ఉన్నది 74. వాక్యాల మధ్య విరామాలు కూడా ఈ 74లోనే పడాలి. మాత్రల లెక్కలో ఊపిరి ఉండదు, దాన్ని విడిగా కలుపుకోవాలి. కామాకు పావు సెకను, వాక్యం చివర అర సెకను, దృశ్యం మారేముందు 0.2 సెకన్లు ఖాళీ. ఈ చివరిది వదిలేస్తే ప్రతి వాక్యం తోక తర్వాతి బొమ్మ మీద పడి, గొంతు వెనకపడి పరిగెడుతున్నట్టు ఉంటుంది.

అలా ప్రతి దృశ్యానికీ ఒక పద్దు కట్టవచ్చు: ఉన్న సెకన్లలోంచి విరామాలు తీసేసి, మిగిలినదాన్ని 9తో గుణించాలి. ఎక్సెల్ షీట్‌లో దృశ్యం మొదలు, చివర, మాత్రల పద్దు, తెలుగు వాక్యం, దాని మాత్రలు, ఏ మాట ఏ ఫ్రేము దగ్గర పడాలి అన్న గడులు పెట్టుకుంటే చాలు.

రెండో దృశ్యం: మైళ్లా, కిలోమీటర్లా

ఇంగ్లీషు గొంతు ఇక్కడ చెప్పేది, వాన పడుతున్న చోటికి పది మైళ్ల దూరంలో కూడా పిడుగు పడగలదని. తెర మీద 10 MILES అని కనబడుతుంది. దృశ్యానికి ఉన్నది 4.6 సెకన్లు. ఒక కామా, చివర ఖాళీ తీసేస్తే 4.15 సెకన్లు, అంటే 37 మాత్రల పద్దు.

మొదటి అనువాదం ఇది: ‘వర్షం కురుస్తున్న ప్రాంతం నుండి పది మైళ్ల దూరం వరకు కూడా పిడుగు పడే అవకాశం ఉంది.’ 48 మాత్రలు. మైళ్లు మనవాళ్లకు ఎక్కవని కిలోమీటర్లలోకి మారిస్తే ఇంకా పెరిగింది. ‘పది మైళ్ల’ 5 మాత్రలు, ‘పదహారు కిలోమీటర్ల’ 13. ఒక్క కొలత మార్చినందుకే దాదాపు 0.9 సెకన్లు పోయి, వాక్యం 56కు ఎక్కింది.

పైగా తెర మీద 10 అని ఉంటే గొంతు పదహారు అంటుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు అందరూ చదువుతారు. చెవికొకటి, కంటికొకటి వస్తే చూసేవాడు అక్కడే ఆగిపోతాడు, తర్వాతి రెండు మాటలు వినడు. కాబట్టి గొంతులోంచి అంకెను పూర్తిగా తీసేయడమే మేలనిపించింది.

చివరికి నిలబడ్డది: ‘వాన పక్క మండలంలో పడుతున్నా, పిడుగు ఇక్కడ పడొచ్చు.’ 30 మాత్రలు, కామాతో కలిపి 3.6 సెకన్లు. పల్లెలో దూరం చెప్పడానికి ‘పక్క మండలం’ కిలోమీటర్ల కంటే దగ్గరి కొలత. మిగిలిన సెకను వృథా పోలేదు. బొమ్మలో పిడుగు పడేది దృశ్యం మొదలైన 3.9 సెకన్లకు. వాక్యం ముగిసి, చిన్న నిశ్శబ్దం, ఆ తర్వాత పిడుగు. ఇంగ్లీషులో కంటే ఇక్కడే తెలుగు బాగా కుదిరిందని చెప్పాలి.

నాలుగో దృశ్యం: లెక్కపెట్టడం

ఈ వీడియోకు గుండెకాయ ఇదే, చిక్కంతా కూడా ఇక్కడే ఉంది. మెరుపు మెరుస్తుంది, తెర మీద 1 నుంచి 5 దాకా అంకెలు సరిగ్గా 24 ఫ్రేములకొకటి చొప్పున పడతాయి, ఐదు పడిన 8 ఫ్రేములకు, అంటే మూడోవంతు సెకనుకు, ఉరుము. ఆ తర్వాత 5 SEC = 1 MILE అని వస్తుంది.

ఇంగ్లీషు గొంతు ‘వన్ మిసిసిపీ, టూ మిసిసిపీ’ అని లెక్కపెడుతుంది. అనువాదంలో ఆ మిసిసిపీ యథాతథంగా వచ్చేసింది. అది నది గురించి కాదు. అంకె చెప్పి ఆ పొడుగాటి పేరు పలికేసరికి ఒక సెకను గడుస్తుందని వాళ్లు పెట్టుకున్న కొలబద్ద. దాని బదులు వంశధార, నాగావళి అని పెడదామన్న ఆలోచన కూడా వచ్చింది, వినడానికి సరదాగానే ఉంది. కానీ తెలుగులో నెమ్మదిగా లెక్కపెట్టాలంటే ఎవరూ పక్కన ఇంకో పేరు తగిలించరు, అంకె చివరను సాగదీస్తారు: ఒకటీ... రెండూ... మూడూ... పిల్లల దాగుడుమూతల్లో వినబడేది అదే. అది చాలు. ప్రతి అంకె మొదటి అక్షరం తెర మీద అంకె పడిన ఫ్రేములోనే మొదలవ్వాలి. ఎంత సాగిందన్నది ముఖ్యం కాదు, ఎక్కడ మొదలైందన్నదే ముఖ్యం.

ఐదు దగ్గర మాత్రం సాగదీస్తే చెడింది. ‘ఐదూ’ అనేలోపు ఉరుము వచ్చి మీద పడింది. చిత్తు రికార్డింగులో వింటే నాలుగు దాకా స్పష్టంగా ఉండి, ఐదు ఉరుములో మునిగిపోయింది. ఈ దృశ్యానికి ఆ ఒక్క అంకే ఆయువుపట్టు. సాగదీయకుండా ‘ఐదు’ అంటే 3 మాత్రలు, మూడోవంతు సెకను. సరిగ్గా ఉరుము ముందు దాకా వస్తుంది కానీ ఊపిరాడదు. అందుకని దాన్ని మాత్రం అంకె కంటే 4 ఫ్రేములు ముందు మొదలుపెట్టి, పొట్టిగా, తెంచినట్టు పలికించడమైంది. 4 ఫ్రేములంటే సెకనులో ఆరోవంతు. అంకె కంటే మాట అంత ముందొచ్చినా ఇక్కడ ఇబ్బంది కాలేదు. అదే 4 ఫ్రేములు వెనకపడితే మాత్రం ఐదు మళ్లీ ఉరుములో మునిగిపోతుంది. పెదాలు కనబడని బొమ్మలో మాట కొద్దిగా ముందుండొచ్చు గానీ వెనకుండకూడదు.

తర్వాతి వాక్యంలో భౌతికశాస్త్రం అడ్డొచ్చింది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. బాగా చదువుకున్న అనువాదకుడెవరైనా మైలును తీసేసి ‘మూడు సెకన్లకు ఒక కిలోమీటరు’ అనే రాస్తాడు. మాట నిజమే. కానీ బొమ్మ ఐదు దాకా లెక్కపెట్టి ఉరిమింది. ఐదు లెక్కపెట్టాక మూడు గురించి చెబితే చూసేవాడికి ఏ లెక్కా మిగలదు. బొమ్మ మారదు కాబట్టి ఐదును పట్టుకునే మాట్లాడాలి. ఐదు సెకన్లంటే 1.7 కిలోమీటర్లు, అంటే కిలోమీటరున్నర పైచిలుకు. దూరం కొంచెం తగ్గించి చెప్పినా ప్రమాదం లేదు, పిడుగు ఇంకా దగ్గర్లో ఉందనే అర్థమవుతుంది.

‘ఐదు సెకన్లంటే పిడుగు కిలోమీటరున్నర దూరంలో పడినట్టు.’ 34 మాత్రలు, 3.8 సెకన్లు. ఉన్నది 4.4. సరిపోయింది.

ఐదో దృశ్యం: కోత ఎక్కడ పెట్టాలి

మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువుంటే వెంటనే లోపలికి పొమ్మనే వాక్యం. దృశ్యం 4.8 సెకన్లు, పద్దు 39 మాత్రలు. మొదటి అనువాదం: ‘మెరుపుకు మరియు ఉరుముకు మధ్య వ్యవధి ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉన్నట్లయితే, వెంటనే సురక్షితమైన భవనంలోకి వెళ్లండి.’ 66 మాత్రలు. అంటే 7.3 సెకన్లు.

ఇలాంటి చోట పదాలు ఏరి తీసేయడం మొదలుపెడితే పని జరగదు. ‘మరియు’ తీస్తే 3, ‘సురక్షితమైన’ తీస్తే 8, ఇంకా 55 దగ్గరే ఉంటాం. వాక్యం కట్టుబడే ఇంగ్లీషుది, కాబట్టి దాన్ని విప్పి మళ్లీ కట్టాలి. మధ్య, వ్యవధి, కంటే తక్కువ అన్న మూడు మాటలూ చెప్పేదాన్ని తెలుగులో ‘లోపు’ అన్న చిన్న ముక్క ఒక్కటే మోసేస్తుంది. ‘మెరిసిన ముప్పై సెకన్లలోపు ఉరిమితే ఇంట్లోకి వెళ్లిపోవాలి.’ 33 మాత్రలు, సరిగ్గా సగం. ‘వెంటనే’ అన్న అర్థం ‘వెళ్లిపోవాలి’లో ఉండనే ఉంది.

మిగతా దృశ్యాల్లో ఎక్కువ ఆదా ఇచ్చినవి వాక్యం చివర వేలాడే ఆఫీసు తోకలు. ‘పడే అవకాశం ఉంది’ 12 మాత్రలైతే ‘పడొచ్చు’ 4. ‘చేయవలసి ఉంటుంది’ 11, ‘చేయాలి’ 5. ‘ఉన్నట్లయితే’ 8, ‘ఉంటే’ 4. ఇవి కోస్తే అర్థం పోదు సరికదా, మనిషి మాట్లాడినట్టు ఉంటుంది.

కోయకూడనిది మర్యాద. ‘వెళ్లండి’ 5 మాత్రలు, ‘వెళ్లు’ 3. ఆ రెండు మాత్రలకు ఆశపడితే స్పీకర్లోంచి ఊరి పెద్దవాళ్లను ఏకవచనంలో ఆజ్ఞాపించినట్టవుతుంది. ‘వెళ్లాలి’ కూడా 5 మాత్రలే గానీ అది ఎవరినీ నేరుగా తగలదు. అందుకే ఈ స్క్రిప్టులో చాలా చోట్ల ‘ండి’ బదులు ‘ఆలి’ కనబడుతుంది. సమయం ఏమీ కలిసిరాదు, వరసగా పది ఆజ్ఞలు విన్న విసుగు మాత్రం తగ్గుతుంది.

ఇక్కడ యాస సంగతి కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. గొంతు ఇచ్చినవారు ఈ జిల్లావారే, మామూలు మాటల్లో ‘ఎల్లిపోవాలి’ అంటారు. మాత్రల లెక్కలో రెండింటికీ తేడా లేదు. రాతలో ‘వెళ్లిపోవాలి’ అనే ఉంచి, నోట్లో ‘వ’ కొంచెం మెత్తబడితే దిద్దకూడదని అనుకోవడమైంది. ప్రతిసారీ ఆపి దిద్దితే వేగం 9 నుంచి పడిపోతుంది, గొంతులో పరీక్ష రాస్తున్న బిగువు వచ్చేస్తుంది.

ఏడో దృశ్యం: క్రియ చివర్న ఉండే చిక్కు

దూరంగా ఉండాల్సినవాటి జాబితా ఇది. చెట్టు, స్తంభం, ఇనుప కంచె, చెరువు, ఒక్కొక్క బొమ్మ ఒకటిన్నర సెకనుకొకటి చొప్పున పడుతుంది. ఇంగ్లీషులో ‘దూరంగా ఉండండి’ అన్న మాట ముందొస్తుంది, దానికి 0.9 సెకన్లు, ఆ తర్వాతే మొదటి బొమ్మ. తెలుగులో సహజంగా రాస్తే ‘చెట్లకు, స్తంభాలకు, కంచెలకు, చెరువులకు దూరంగా ఉండాలి’ అవుతుంది. అప్పుడు మొదట్లో 0.9 సెకన్లు గొంతు ఖాళీగా ఉంటుంది, నాలుగో బొమ్మ పడ్డాక గానీ అవి మంచివో చెడ్డవో తెలియదు. పిడుగు పడేటప్పుడు చెట్టు బొమ్మ చూపించి ఆరు సెకన్ల దాకా ‘వద్దు’ అనకపోవడం పొరపాటే కాదు, ప్రమాదం కూడా.

కాబట్టి క్రియను ముందుకు లాగి విడి వాక్యం చేయాల్సి వచ్చింది: ‘వీటి జోలికి పోవద్దు.’ 12 మాత్రలు, 1.33 సెకన్లు. ఖాళీ 0.9 మాత్రమే. 8 మాత్రల్లో ‘వీటికి దూరం’ అని సరిపెట్టొచ్చు గానీ అది గోడమీది నినాదంలా ఉంది, నోటిమాటలా లేదు. ఆరో దృశ్యం చివర సంగీతం తప్ప మాట లేదు. అందుకని ఈ వాక్యాన్ని బొమ్మ మారడానికి 10 ఫ్రేములు ముందే, ఆరో దృశ్యం మీదే మొదలుపెట్టడమైంది. 10 ఫ్రేములంటే 0.42 సెకన్లు, దానితో లోటు తీరిపోయింది. మాట ముందు, బొమ్మ వెనక రావడం సినిమా ఎడిటింగులో రోజూ చేసేదే.

ఆ తర్వాత బొమ్మకొక మాట. చెట్లు 3 మాత్రలు, కరెంటు స్తంభాలు 9, ఇనుప కంచెలు 7, చెరువు గట్లు 6. అన్నిటికంటే పొడుగైనదానికీ ఒక సెకను చాలు. మిగిలిన అర సెకను అలాగే వదిలేయాలి. ఖాళీ కనబడింది కదా అని ‘పొడవాటి చెట్లు’, ‘విద్యుత్ స్తంభాలు’ అంటూ నింపబుద్ధవుతుంది. ఒక వాక్యంలో కోసి కోసి అలసిపోయినవాళ్లే పక్క వాక్యంలో ఇలా పోసేస్తుంటారు.

ఎనిమిదో దృశ్యం: కలపాల్సి వచ్చిన మాట

ఇంగ్లీషులో ఇక్కడ పక్కా భవనంలోకో, గట్టి పైకప్పున్న వాహనంలోకో వెళ్లమంటారు. బొమ్మలో కారు. చూసేవాళ్లలో కారున్నవాళ్లు తక్కువ, ఆటో ఎక్కేవాళ్లే ఎక్కువ. ‘పైకప్పున్న వాహనం’ అని విన్నవాడు ఆటోలోకే దూరతాడు. పక్కలు తెరిచి ఉండే ఆటో పిడుగు నుంచి కాపాడదు. కాబట్టి మూలంలో లేకపోయినా ఆ మాట కలపాల్సిందే.

‘పక్కా ఇల్లు గానీ, అద్దాలెత్తిన కారు గానీ. ఆటో పనికిరాదు.’ మొదటి వాక్యం 26, రెండోది 10, మొత్తం 36 మాత్రలు. దృశ్యం 4.9 సెకన్లు, విరామాలు పోగా పద్దు 35 మాత్రల చిల్లర. గీతకు కాస్త పైన. రికార్డింగులో ఇది విరామాలతో సహా 5.0 సెకన్లొచ్చింది. చివర ఖాళీ కనీసం సగమైనా మిగలాలంటే 4.8 కావాలి. మొత్తం పనిలో ఆడియో వేగం పెంచింది ఈ ఒక్క ముక్కకే:

```
ffmpeg -i d08.wav -filter:a atempo=1.04 d08_t.wav
```

1.04 అంటే వేగం నాలుగు శాతం పెరిగి, 5.0 సెకన్లు 4.81 అవుతుంది. స్థాయి మారదు కాబట్టి గొంతు సన్నబడదు. ఇది తేలిక దారే, అందుకే జాగ్రత్త కావాలి. నాలుగైదు శాతం దాకా చెవికి అందదు. పది దాటితే తెలుగులో ముందుగా దెబ్బతినేవి ఒత్తులు. ‘పనికిరాదు’లో ఒత్తులేమీ లేవు, తట్టుకుంటుంది. ‘ఎత్తిన’, ‘ఇల్లు’ వంటివి పొట్టిబడి ‘ఎతిన’, ‘ఇలు’ అన్నట్టు వినబడడం మొదలవుతుంది. పక్క వాక్యం మామూలు వేగంలో, ఇది ఉరుకుతూ ఉంటే అతుకు కూడా తెలిసిపోతుంది. మాటలో తగ్గించగలిగినది ఏమీ మిగలలేదని తేలాకే ఈ కమాండు జోలికి వెళ్లాలి.

చిత్తు రికార్డింగు, అసలు రికార్డింగు

షీట్‌లో లెక్కలన్నీ కుదిరాక నేరుగా అసలు రికార్డింగుకు పోకుండా, అదే గొంతుతో ఫోన్లో ఒక చిత్తు చదువు తీసుకుని వీడియో కింద పెట్టి చూడాలి. మాత్రల లెక్క ఐదు శాతం అటూఇటూగా నిజమవుతుంది. ఆ ఐదు శాతం ఎక్కడ తేడా కొడుతుందో చిత్తులోనే తెలుస్తుంది. ఇక్కడ రెండు చోట్ల కొట్టింది. ఒకటి ‘కరెంటు స్తంభాలు’. ‘టు’ తర్వాత ‘స్తం’ పలకడానికి నాలుక ఆగుతుంది, ఒక సెకను అనుకున్నది 1.2 అయింది. అర సెకను ఖాళీ వదిలిపెట్టడం వల్ల ఇబ్బంది రాలేదు. రెండోది తొమ్మిదో దృశ్యంలో, పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదని చెప్పేచోట. ఈ మాట వినేవాళ్లకు కొత్తది, వాళ్ల నమ్మకానికి ఎదురుపోయేది. లెక్కకు సరిపోయినా, వెంటనే తర్వాతి వాక్యం వచ్చిపడడంతో అది నాటుకోలేదు. ఆ దృశ్యంలో సాయానికి పిలవమనే వాక్యాన్ని ‘నూటెనిమిదికి ఫోన్ చేయండి’ అని 14 మాత్రలకు కుదించి, రెండింటి మధ్య ఒక పూర్తి సెకను నిశ్శబ్దం పెట్టడమైంది. ‘అత్యవసర సేవల నంబరు’ అనడం కంటే 108ని ఊళ్లో పిలిచే పేరుతో చెబితే సమయమూ కలిసొచ్చింది, విన్నవాడికి ఏ బండి గురించో చెప్పనక్కర్లేకపోయింది.

అసలు రికార్డింగులో దృశ్యానికొక ఫైలు, ఒక్కోదానికి మూడు టేకులు. గొంతు ఇచ్చేవారికి వీడియో చూపిస్తూ చదివించకూడదు. బొమ్మను అందుకోవాలన్న ఆత్రంలో వాక్యం చివర్లు పరిగెడతాయి. కాగితం మీద వాక్యం పక్కన సెకన్లు రాసి ఇస్తే చాలు. నాలుగో దృశ్యం లెక్కకు మాత్రం చెవిలో సెకనుకొక టిక్ వినిపించాలి, అది లేకుండా ఎవరి వల్లా కాదు. పెద్ద విరామం తర్వాత మళ్లీ మొదలుపెడితే ముందు టేకు ఒకసారి వినిపించాలి. కరెంటు పోయి గంట తర్వాత చదివిన ముక్క వేగంలోనూ, గొంతు బరువులోనూ వేరే మనిషిలా ఉంటుంది.

చివరి వాక్యం దగ్గర లెక్క ఎదురు తిరిగింది. ‘ఆఖరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి’ 26 మాత్రలు. ‘ముప్పై నిమిషాలు’ బదులు ‘అరగంట’ అంటే 4 మాత్రలు మిగులుతాయి, మాట కూడా ఇంట్లోదిలా ఉంటుంది. కానీ ఐదో దృశ్యంలో ముప్పై సెకన్లు, ఇక్కడ ముప్పై నిమిషాలు, ఆ రెండు ముప్పైలూ జంటగా గుర్తుండాలన్నదే వీడియో ఉద్దేశం. దృశ్యంలో 3.6 సెకన్లున్నాయి, వాక్యానికి 2.9 చాలు. చోటున్నప్పుడు పొట్టిది వెతకనక్కర్లేదు, ముప్పై అలాగే ఉంది.

మొత్తం మీద స్క్రిప్టు 797 మాత్రల నుంచి 590కి దిగింది. మాట 65.6 సెకన్లు, విరామాలు ఏడున్నర, కలిపి 73.1. ఇచ్చిన ఫైలు 48 కిలోహెర్ట్జ్ వేవ్, మొదట్లో, చివర నిశ్శబ్దంతో కలిపి సరిగ్గా 92.000 సెకన్లు. చివరి నిశ్శబ్దాన్ని అనవసరమని కోసి పంపితే ట్రాక్ నిడివి వీడియోతో కలవదు, ఫైలు తిరిగొస్తుంది.